కర్ణం, ఒక భుజం తెలిస్తే స్థలం చుట్టుకొలత, వైశాల్యం ఎలా తేల్చాలి?

ప్రశ్న: మా ప్లాటు రోడ్డు వైపు 40 అడుగులు. రెండు పొడవు వైపులా ముళ్లకంప, పక్కవాళ్లు పేర్చిన ఇటుకల దొంతరలు ఉండటంతో అక్కడ టేపు పట్టలేకపోయాం. మధ్యలో ఖాళీగా ఉంది కాబట్టి మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే 72 అడుగుల 1 అంగుళం వచ్చింది. ప్రహరీకి ఎన్ని అడుగులు లెక్క వేసుకోవాలి? స్థలం ఎన్ని గజాలు? తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి 72లోంచి 40 తీసేసి పొడవు 32 అంటున్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు.

జవాబు:

ముందు అంకెలు చెప్పేస్తాను. మీ స్థలం పొడవు దాదాపు 59 అడుగుల 11న్నర అంగుళాలు. చుట్టుకొలత 200 అడుగులకు ఒక అంగుళం తక్కువ. వైశాల్యం సుమారు 266న్నర గజాలు. నాలుగు మూలలూ సరిగ్గా మట్టంగా ఉండి, స్థలం నిజంగా దీర్ఘచతురస్రమే అయితేనే ఈ అంకెలు నిలుస్తాయి. మీరు పంపిన కొలతల్లో ఆ సంగతి రుజువు చేసేది ఏదీ లేదు. దాని గురించి కాస్త తర్వాత వివరంగా చెబుతాను.

మీ అబ్బాయి లెక్క తప్పని కాగితం లేకుండానే చూపించవచ్చు. పొడవు 32 అడుగులే అనుకోండి. రోడ్డు వైపు ఒక మూల నుంచి బయలుదేరి 40 అడుగులు నడిచి, మలుపు తిరిగి మరో 32 అడుగులు నడిస్తే ఎదురు మూల వస్తుంది. మొత్తం 72 అడుగులు. అడ్డంగా కోసుకుపోయినా 72 అడుగులే అంటున్నాం. అడ్డదారి చుట్టుదారి అంత పొడవు ఉండాలంటే అక్కడ మలుపే ఉండకూడదు, స్థలం ఒక గీతలా నలిగిపోవాలి. కాబట్టి రెండు భుజాల మొత్తం ఎప్పుడూ కర్ణం కన్నా ఎక్కువే ఉండాలి. ఒక్కో భుజం మాత్రం కర్ణం కన్నా తక్కువ ఉండాలి. కొందరు పిల్లలు తీసివేయడానికి బదులు వర్గాలను కూడేసి 82 అడుగులు తెస్తారు. ఆ తప్పును ఈ రెండో షరతు పట్టేస్తుంది, భుజం కర్ణాన్ని మించిపోయింది కాబట్టి.

తీసివేయాల్సింది కొలతలను కాదు, వాటి వర్గాలను. కర్ణం దీర్ఘచతురస్రాన్ని ఒకేలాంటి రెండు లంబకోణ త్రిభుజాలుగా చీలుస్తుంది. ఆ త్రిభుజంలో లంబకోణానికి ఎదురుగా ఉండేది కర్ణం, మిగిలిన రెండూ మన పొడవు, వెడల్పులు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం వర్గం ఆ రెండింటి వర్గాల మొత్తానికి సమానం. బడిలో దీన్ని త్రిభుజం సూత్రంగానే నేర్పుతారు గానీ, మన బౌధాయనుడు శుల్బసూత్రాల్లో దీన్ని నేరుగా దీర్ఘచతురస్రానికే చెప్పాడు. పొడవు, వెడల్పు తాళ్లు విడివిడిగా ఎంతెంత చదరాన్ని ఇస్తాయో, ఆ రెండింటి మొత్తాన్నీ కర్ణం మీద పట్టిన తాడు ఒక్కటే ఇస్తుందని దాని భావం. యజ్ఞవేదికలు కొలిచేవాళ్లకు కావలసింది అదే. మీకు కావలసిందీ అదే. తెలియని భుజాన్ని b అని, తెలిసిన దాన్ని a అని, కర్ణాన్ని d అని రాస్తే:

b = √(d² − a²)

చుట్టుకొలత = 2 × (a + b)

వైశాల్యం = a × b

ఇక మీ అంకెలు పెడదాం. చాలామంది మొదటి అడుగులోనే ఇక్కడ జారిపోతారు. 72 అడుగుల 1 అంగుళం అంటే 72.1 కాదు. అడుగుకు 12 అంగుళాలు కాబట్టి అది 72.083. ఈ తేడాను చిన్నదని వదిలేస్తే అదే అలవాటు 72 అడుగుల 10 అంగుళాల దగ్గర దెబ్బ కొడుతుంది. దాన్ని 72.10 అని టైపు చేస్తే ఏకంగా 9 అంగుళాలు మాయమవుతాయి. అందుకే నేనైతే అన్నిటినీ అంగుళాల్లోకి మార్చి మొదలుపెడతాను. వెడల్పు 40 × 12 = 480 అంగుళాలు. కర్ణం 72 × 12 + 1 = 865 అంగుళాలు.

865 వర్గం, 480 వర్గం వేరువేరుగా కట్టి తీసివేయవచ్చు. అంతకన్నా తేలిక దారి ఉంది. రెండు వర్గాల తేడా అంటే ఆ రెండు సంఖ్యల తేడాను వాటి మొత్తంతో గుణించడమే. తేడా 385, మొత్తం 1345. వాటి లబ్ధం 5,17,825. దీని వర్గమూలం 719.6 అంగుళాలు. 12తో భాగిస్తే 59.967 అడుగులు, అంటే 59 అడుగుల 11.6 అంగుళాలు. మీ అబ్బాయికి చూపించాల్సిన చోటు ఇదే. అతను తేడాను తీసుకుని అక్కడే ఆగిపోయాడు. ఆ తేడాను మొత్తంతో గుణించి, వర్గమూలం కట్టి ఉంటే సరైన పొడవే వచ్చేది.

ఫోనులో వర్గమూలం మీట కనిపించకపోయినా ఇబ్బంది లేదు. అడుగుల్లో లెక్కిస్తే వర్గాల తేడా 3596 వస్తుంది. దగ్గర్లో తెలిసిన వర్గం 60 × 60 = 3600. మనది దానికి 4 తక్కువ. ఆ 4ను 60కి రెట్టింపు అయిన 120తో భాగిస్తే 0.033. దాన్ని 60లోంచి తీసేస్తే 59.967. యంత్రం ఇచ్చిన జవాబే మూడు దశాంశ స్థానాల వరకు వచ్చింది. 60 − x వర్గం చేస్తే 3600 − 120x + x² వస్తుంది. x చాలా చిన్నది కాబట్టి చివరి x²ను వదిలేశాం, పద్ధతి అంతే. తీసుకున్న వర్గం మన సంఖ్యకు దగ్గరగా ఉన్నంతవరకు ఇది బాగా పనిచేస్తుంది. దూరమైతే వచ్చిన జవాబుతో మళ్లీ ఒకసారి ఇదే చేయాలి.

వైశాల్యం 40 × 59.967 = 2398.7 చదరపు అడుగులు. మన ప్లాట్ల విషయంలో గజం అనేది చదరపు గజమే కాబట్టి 9తో భాగించాలి, 3తో కాదు. 266.5 గజాలు వస్తుంది. చుట్టుకొలత 2 × (40 + 59.967) = 199.93 అడుగులు.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. చుట్టుకొలతలో సగాన్ని వర్గం చేస్తే, అది కర్ణం వర్గానికి రెండింతల వైశాల్యం కలిపినంత ఉండాలి. మీ విషయంలో 99.967 వర్గం 9993.4. అటువైపు 5196.0 + 4797.4, అదీ 9993.4. అంకెల్లో ఎక్కడ చేయి జారినా ఈ రెండూ కలవవు. ఇంత ఓపిక లేకపోతే మోటు పరీక్ష ఒకటి చాలు. చుట్టుకొలతలో సగం కర్ణానికి ఎక్కువ, కర్ణానికి 1.414 రెట్లు దాటనిది అయి ఉండాలి. మీకది 72కూ 102కూ మధ్య. 100 అందులో పడింది. మీ అబ్బాయి 32తో వచ్చే 72 సరిగ్గా అంచు మీద ఉంది, అందుకే అది చెల్లదు.

ఇక్కడ మీ కాగితాలు ఒకసారి తీసి చూడండి. 40 × 60 ప్లాటు అయితే దాని కర్ణం 72 అడుగుల 1.33 అంగుళాలు ఉండాలి, వైశాల్యం 266.67 గజాలు. మీరు టేపు మీద అంగుళం దగ్గర ఆపి చదివినందువల్ల పొడవు అర అంగుళం లోపు తగ్గిందని నా అనుమానం. దస్తావేజులో 60 అని రాసి ఉంటే మీ కొలత దానితో సరిపోయినట్టే. టేపు పట్టి తేల్చిన పొడవుకు ఆ మాత్రం తేడా లెక్కలోకి రాదు.

కాగితం మీద ఇది తిరుగులేని లెక్క. నేల మీద మాత్రం రెండు చోట్ల మోసం చేస్తుంది.

మొదటిది ముందే చెప్పిన మూలల సంగతి. ఒక భుజం, ఒక కర్ణం చేతిలో ఉంటే మనం మూల లంబకోణమని నమ్మి లెక్క కట్టాం, కొలిచి కాదు. ప్లాటు కాస్త వాలిందనుకోండి. నాలుగు వైపులూ 40, 60, 40, 60 అడుగులే, కానీ వెనక అంచు మొత్తం పక్కకు రెండడుగుల ఒక అంగుళం జరిగింది. మూల 90 డిగ్రీలకు బదులు 88 అయింది. కంటికి అది కనిపించదు. అప్పుడు ఒక కర్ణం సుమారు 73 అడుగుల 3 అంగుళాలు, రెండోది 70 అడుగుల 11 అంగుళాలు అవుతుంది. మీరు మొదటి దాన్ని కొలిచి ఉంటే సూత్రం పొడవును 61 అడుగుల 4 అంగుళాలని చెబుతుంది, స్థలం 272.7 గజాలంటుంది. రెండో దాన్ని కొలిస్తే పొడవు 58 అడుగుల 7 అంగుళాలు, స్థలం 260.3 గజాలు. అసలు స్థలం 266.5 గజాలే. ఇందులో విచిత్రమేమిటంటే, ఆ వాలు వల్ల అసలు వైశాల్యం 266.67 గజాల నుంచి 266న్నరకు మాత్రమే తగ్గింది. మన లెక్క మాత్రం ఏ మూల నుంచి కొలిచామన్న దాన్ని బట్టి 6 గజాలు అటూ ఇటూ ఊగింది.

కాబట్టి రెండో కర్ణం తప్పకుండా కొలవండి. మధ్యలో ఖాళీగా ఉందంటున్నారు కనుక అదేమీ కష్టం కాదు. వెనక వైపు వెడల్పు కూడా కొలవండి. వెనక కూడా 40 ఉండి, ఆ అంచు రోడ్డు వైపు అంచుకు సమాంతరంగా ఉండి, రెండు కర్ణాలూ అంగుళం తేడాలో సమానంగా ఉంటే అది దీర్ఘచతురస్రమే, పైన ఇచ్చిన అంకెలు ధైర్యంగా వాడుకోవచ్చు. కర్ణాలు సమానమైనంత మాత్రాన సరిపోదు, వెనక వెడల్పూ కలవాలి. ముందు 40, వెనక 38 ఉండి, రెండు పక్కలూ సమానంగా లోపలికి వాలినా కర్ణాలు సమానంగానే వస్తాయి.

వెనక 40 ఉంది, ఎదురెదురు వైపులు సమాంతరంగానే ఉన్నాయి, కర్ణాలు మాత్రం కలవలేదు అనుకుందాం. అప్పుడు కూడా పొడవు పోగొట్టుకోనక్కర్లేదు. రెండు కర్ణాల వర్గాల సగటు తీసుకుని, అందులోంచి 40 వర్గాన్ని తీసేసి, వర్గమూలం కట్టండి. పై ఉదాహరణలో 73.25 వర్గం 5365.6, 70.917 వర్గం 5029.2. సగటు 5197.4. అందులోంచి 1600 పోతే 3597.4. వర్గమూలం 59.98. అసలు పొడవు 60కి పావు అంగుళం దూరంలోకి వచ్చేశాం. సమాంతర చతుర్భుజంలో రెండు కర్ణాల వర్గాల మొత్తం నాలుగు భుజాల వర్గాల మొత్తానికి సమానం కావడమే దీనికి కారణం. వాలు వల్ల ఒక కర్ణం వర్గంలో ఎంత పెరిగిందో రెండో దాంట్లో అంతే తగ్గుతుంది, సగటులో రెండూ కొట్టుకుపోతాయి. చుట్టుకొలత దీనితో సరిగ్గా వస్తుంది. వైశాల్యం మాత్రం రవ్వంత ఎక్కువ వస్తుంది, వాలు రెండు డిగ్రీల లోపయితే ఆ ఎక్కువ అర గజం దాటదు.

మేస్త్రీలు రోడ్డు వైపు మూలలో మూలమట్టం చూసేది ఇందుకే. మూల నుంచి ఒక వైపు 6 అడుగుల దగ్గర, మరో వైపు 8 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 10 అడుగులు వస్తుందా అని కొలుస్తారు. వస్తే మూల సరిగ్గా ఉంది. అయితే చిన్న కొలతలో కనిపించని తేడా 60 అడుగుల దూరం వెళ్లేసరికి అంగుళాల్లో పెరుగుతుంది. అందువల్ల మూలమట్టం గోడ మొదలుపెట్టడానికి సరే గానీ, స్థలం తేల్చడానికి పూర్తి కర్ణాలే నయం.

రెండో మోసం టేపు దగ్గర. 72 అడుగుల టేపును ఇద్దరు గాలిలో పట్టుకుంటే మధ్యలో కిందికి వేలాడుతుంది. వేలాడిన టేపు అసలు దూరం కన్నా ఎక్కువే చూపిస్తుంది, ఎప్పుడూ తక్కువ చూపించదు. దారిలో మట్టి దిబ్బ ఎక్కి దిగినా అంతే, టేపు తిన్నని గీత తప్పి పక్కకు వంగినా అంతే. ఈ తప్పులన్నీ ఒకే వైపుకు తోస్తాయి కాబట్టి పదిసార్లు కొలిచి సగటు తీసినా పోవు. టేపును నేల మీద పరిచి బిగుతుగా లాగడమే మందు. ఇంకొకటి, హద్దురాళ్లు. ముందు వెడల్పును రాళ్ల బయటి అంచుల మధ్య కొలిచి, కర్ణాన్ని రాళ్ల నడిమధ్య నుంచి కొలిస్తే రెండు కొలతలూ వేరే వేరే దీర్ఘచతురస్రాలవి అవుతాయి. ప్రతి రాయి మీద సుద్దతో ఒక చుక్క పెట్టి, అన్ని కొలతలూ ఆ చుక్కల మధ్యే తీసుకోండి.

కర్ణంలో జరిగిన తప్పు పొడవులోకి ఎంత పాకుతుందో తెలుసుకోవడం తేలికే. కర్ణాన్ని మనకు తెలియని భుజంతో భాగించాలి. మీకు 72ను 60తో భాగిస్తే 1.2. అంటే కర్ణంలో ఒక అంగుళం తప్పితే పొడవులో అంగుళంన్నర లోపే తప్పుతుంది. గజాల్లో అది అర గజం కూడా కాదు. మీ అదృష్టం కొద్దీ తెలిసింది పొట్టి వైపు, తెలియనిది పొడుగు వైపు.

ఇది తలకిందులైతే పరిస్థితి మారిపోతుంది. సందు పక్కన 100 అడుగుల పొడుగు స్థలం ఉందనుకోండి. పొడవు తెలుసు, వెడల్పు తెలియదు, కర్ణం 101 అడుగులు. తేడా 1, మొత్తం 201, వెడల్పు √201, అంటే 14 అడుగుల 2 అంగుళాలు. అదే కర్ణాన్ని ఇంకొకరు 101 అడుగుల 1 అంగుళం అని చదివితే వెడల్పు 14 అడుగుల 9 అంగుళాలు అవుతుంది. టేపు మీద ఒక్క అంగుళం, వెడల్పులో ఏడు అంగుళాలు, స్థలంలో ఆరున్నర గజాలు. తెలిసిన భుజం కర్ణానికి దగ్గరగా ఉన్నప్పుడల్లా ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే లెక్క మొత్తం ఆ రెండింటి మధ్య ఉన్న చిన్న తేడా మీద నిలబడి ఉంటుంది. అలాంటి చోట కర్ణం జోలికి పోకుండా పొట్టి వైపునే ఎలాగోలా నేరుగా కొలవాలి. అది 14 అడుగులే కదా.

ప్రహరీ విషయానికి వస్తే, 200 అడుగులు అనేది హద్దు గీత పొడవు. గోడను హద్దుకు లోపలి వైపు 9 అంగుళాల మందంతో కడితే, ఇటుక, సిమెంటు లెక్కకు పట్టాల్సింది గోడ నడిమధ్య గీతను. నాలుగు వైపులా ఒక్కో దాంట్లో 9 అంగుళాలు తగ్గుతుంది కాబట్టి మొత్తం 3 అడుగులు పోతాయి, 197 మిగులుతుంది. గేటుకు 12 అడుగులు వదిలితే 185 రన్నింగు అడుగులు. కాంట్రాక్టరు 200కి ధర చెబితే ఏ గీత వెంట కొలిచాడో, గేటును తీసేశాడో లేదో అడగండి.

వెనక వైపు కొలిచినప్పుడు 40 రాకపోతే మాత్రం ఇప్పటిదాకా చెప్పిన సూత్రాలేవీ పనికిరావు. అప్పుడు పొడవు వైపుల్లో ముళ్లకంప కొట్టించి, ఇటుకలు జరిపించి నాలుగు వైపులనూ ఒక కర్ణాన్నీ నేరుగా కొలవాలి. కర్ణానికి అటూ ఇటూ ఉన్న రెండు త్రిభుజాల వైశాల్యాలను విడివిడిగా కట్టి కూడుకోవాలి. పక్కవాళ్లతో హద్దు తగాదా ఉండే అవకాశం ఏమాత్రం ఉన్నా ఆ పని లైసెన్సు ఉన్న సర్వేయరు చేతనే చేయించండి. మనం ఇంట్లో కట్టిన లెక్కను పక్కవాళ్లు ఒప్పుకోవాలన్న నియమం ఏదీ లేదు. రెండో కర్ణం, వెనక వెడల్పు కొలిచాక ఆ అంకెలు ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.